పై అంతస్తు వేడి – 4వ పాఠం: స్లాబుకూ సీలింగుకూ మధ్య గాలి

పోయిన పాఠంలో స్లాబు అడుగు వేడి కొలవమన్నాను. ఎప్పుడు కొలవాలో చెప్పలేదు, తప్పు నాదే. చాలామంది మధ్యాహ్నం పన్నెండున్నరకు టెంపరేచర్ గన్ పట్టుకుని, స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ ఉన్న గదికీ లేని గదికీ పెద్ద తేడా లేదని రాశారు. ఆ టైముకు ఉండదు. 5 అంగుళాల స్లాబు పైన పడ్డ ఎండ అడుగుకు దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. వరంగల్‌లో మే నెలలో స్లాబు అడుగు బాగా కాలేది సాయంత్రం ఐదు, ఏడు మధ్యన. అప్పుడు కొలవాలి.

ఇంకొందరు గోడకు వేలాడే థర్మామీటర్ చూసి, ఒక్క డిగ్రీ తేడాకు ఇంత ఖర్చా అన్నారు. అది గాలి వేడి చూపిస్తుంది. పై అంతస్తులో మంచం మీద పడుకుంటే మొహానికి సెగ కొట్టినట్టు ఉంటుంది కదా, ఆ సెగ గాలిది కాదు, స్లాబుది. సీలింగ్ ముందుగా తగ్గించేది ఆ సెగనే.

హనుమకొండలో మా చిన్నమ్మ ఇంట్లో పక్కపక్కనే రెండు గదులు, రెండూ 12 అడుగులకు 12. ఒకదానికి జిప్సం సీలింగ్ ఉంది, రెండోదానికి లేదు. సాయంత్రం ఆరింటికి రెండింట్లోనూ గాలి 36 డిగ్రీల చుట్టూ ఉంది. ఉత్త స్లాబు అడుగు 47, జిప్సం బోర్డు అడుగు 42. అయిదు డిగ్రీలే కదా అనుకోవద్దు, లెక్క చూడండి.

వేడికి ఎంత అడ్డుందో కలుపుదాం. దీన్నే R-విలువ అంటారు, అంకె పెద్దదైతే అడ్డు ఎక్కువ. స్లాబు 0.08, దాని పైనా కిందా గాలి పొరలు కలిసి 0.21. మొత్తం 0.29. సీలింగ్ వేస్తే మధ్య గాలి సుమారు 0.20, అర అంగుళం బోర్డు 0.08 చేరి 0.57 అవుతుంది. అడ్డు దాదాపు రెట్టింపు అయింది కాబట్టి దిగే వేడి సగమైంది. ఆ గదిలోకి పైనుంచి 870 వాట్లు దిగేచోట ఇప్పుడు 440 చిల్లర. అంటే నెత్తిమీద ఆన్‌లో ఉన్న ఇస్త్రీపెట్టెను సగానికి తగ్గించినట్టు. తగ్గుతుంది, పోదు.

ఇక నాకు ఒళ్లు మండే మాట: "గ్యాప్ ఎంత ఎక్కువుంటే అంత చల్లగా ఉంటది." సీలింగ్ మేస్త్రీలు చెప్తారు, ఇంటివాళ్లు నమ్మి పది అడుగుల గదిని తొమ్మిదికి దించుకుంటారు. 1 అంగుళం గ్యాప్ ఇచ్చే అడ్డు 0.19. 4 అంగుళాలకు 0.22. 12 అంగుళాలకు 0.23. అంతే! వేడి పైన, చల్లదనం కింద ఉన్నప్పుడు మధ్య గాలి పెద్దగా కదలదు. అక్కడ వేడి ఎక్కువగా గాలి ద్వారా కాదు, స్లాబు నుంచి బోర్డుకు సెగగా దిగుతుంది. పొయ్యి ముందు నిలబడితే మొహం కాలినట్టే. ఆ సెగకు అంగుళమైనా అడుగైనా ఒకటే. లైట్లకూ వైర్లకూ ఎంత కావాలో అంతే వదలండి, 4 నుంచి 6 అంగుళాలు చాలు.

సెగను ఆపాలంటే మధ్యలో ఏదైనా పెట్టాలి. నా ఓటు 2 అంగుళాల గ్లాస్ ఊల్‌కు, ఛానళ్ల మీద పరిస్తే సరి. దాని అడ్డు ఒక్కదానిదే 1.25. అదే గదిలో 870 వాట్లు 140 దగ్గరికి వస్తాయి. చేతులకు దురద పెడుతుంది, ప్లాస్టిక్ కవరుతో వచ్చేదే తీసుకోండి. బోర్డు వెనక అల్యూమినియం ఫాయిల్ అతికించినా మొదట్లో బాగానే పనిచేస్తుంది, కానీ పైకి చూసే ఫాయిల్ మీద దుమ్ము పేరుకుంటే ఆ పని తగ్గిపోతుంది. ఒక మాట: ఉత్త ఫాయిల్‌ను గన్‌తో కొలవకండి, దాని అసలు వేడి కాకుండా ఎక్కువగా ఎదురుగా ఉన్నవాటి వేడే చూపిస్తుంది. పేపర్ టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి.

సీలింగ్ పైన స్లాబు మునుపటికంటే వేడెక్కిందని ఒకరు భయపడ్డారు. ఎక్కుతుంది. కిందికి దిగలేని వేడి అక్కడే ఆగుతుంది. మా చిన్నమ్మ ఇంట్లో లైటు హోల్డర్ విప్పి చూస్తే పైన 51 ఉంది. అందుకే లైట్ల కన్నాల చుట్టూ సందులు మూయాలి, లేకపోతే ఫ్యాన్ గాలి ఆ వేడిని కిందికి లాగుతుంది.

పడమటి గోడ సంగతి వేరు, సీలింగ్ దాన్ని ముట్టుకోదు. స్లాబు పైన తెల్ల సున్నం గానీ కూలింగ్ పెయింట్ గానీ వేయనివాళ్లు ముందు అది వేయండి. సీలింగ్ దిగే వేడికి అడ్డుపడుతుంది, తెలుపు అసలు ఎక్కకుండా చేస్తుంది. ఖర్చూ చాలా తక్కువ.

అభ్యాసం: షాపులో రెండడుగుల జిప్సం ముక్క అడగండి. స్లాబుకు 4 అంగుళాల కింద కట్టి, నాలుగు పక్కలా అట్టముక్కలతో మూయండి. పక్కలు తెరిచి ఉంచితే గది గాలి దూరి బోర్డు అసలుకంటే చల్లగా కనిపిస్తుంది. మూడు రోజులు, సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా, గంటకోసారి బోర్డు అడుగూ పక్కన ఉత్త స్లాబు అడుగూ కొలిచి రాయండి. రాత్రి పదకొండుకు తేడా ఎంత మిగిలిందో చూడకుండా 5వ పాఠానికి రావద్దు.