భార్యాభర్తల మధ్య పాస్‌వర్డ్‌లు, లొకేషన్: ఏది పంచుకోవాలో తేల్చుకోవడం ఎలా?

ఒక ఆదివారం టీ తాగుతూ ఇద్దరూ ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చోండి. గొడవైన రోజు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

1. ముందు డబ్బు. ఇందులో మొహమాటం పనికిరాదు. 2013లో బెంగళూరులో ఒకావిడ ప్రసవం సెలవులో ఉండి, కార్డూ పిన్నూ భర్తకిచ్చి ఏటీఎంకు పంపింది. చీటీ వచ్చింది, 25,000 రూపాయలు మాత్రం రాలేదు. పిన్ ఇంకొకరికి చెప్పారు కాబట్టి బాధ్యత మాది కాదంది బ్యాంకు. 2018లో వినియోగదారుల ఫోరం కూడా అదే మాటంది. భర్తయినా బ్యాంకు లెక్కలో వేరే మనిషే.

కాబట్టి పిన్ చెప్పకుండా దారి చూపండి. జాయింట్ ఖాతా తెరిస్తే ఇద్దరికీ ఎవరి కార్డు వాళ్లకుంటుంది. ఒక్కరికే ఖాతా ఉంటే UPI Circle ఉంది: నెలకు ఇంత అని పరిమితి పెడితే, రెండోవారు మీ పిన్ తెలియకుండానే కూరగాయల డబ్బు కట్టొచ్చు.

2. లొకేషన్‌కు గడువు పెట్టండి. మా వారు నైట్ షిఫ్టు అయ్యాక గచ్చిబౌలి నుంచి ఉప్పల్‌కు బండి మీద వస్తారు. బయల్దేరేటప్పుడు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ గంటకు పెడతారు. 15 నిమిషాలు, 8 గంటలు కూడా పెట్టుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో అయితే మనం ఆపేదాకా సాగే పద్ధతీ ఉంది. దాన్ని ఒకసారి నొక్కి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ప్రొఫైల్ ఫొటో నొక్కి Location sharing తెరిస్తే ఎవరికి కనిపిస్తున్నారో తెలుస్తుంది.

చుక్కను గుడ్డిగా నమ్మకండి. ఒక రాత్రి అది మెహదీపట్నంలో ఇరవై నిమిషాలు కదల్లేదు, నా గుండె జారిపోయింది. తీరా చూస్తే ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది, అంతే. చివరిగా ఎప్పుడు అప్‌డేట్ అయిందో ముందు చూడాల్సింది.

3. మెసేజ్‌లు ఎవరివి వాళ్లవే. దాపరికం కాదిది. నా ఫోన్‌లో మా అక్క తన కాపురం గురించి చెప్పుకున్న మాటలున్నాయి, అవి చూపించే హక్కు నాకు లేదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో Linked devices చూడండి. తెలియని కంప్యూటర్ ఉంటే దాన్ని నొక్కి Log out చేయాలి, ఫోన్ లాక్ మార్చినంత మాత్రాన ఆ లింకు తెగదు. ఫోన్‌లో ఎవరి వేలిముద్రలు ఉన్నాయో కూడా చూసుకోండి.

ఇవన్నీ తీసేస్తే ఇంట్లో చెయ్యి లేస్తుందన్న భయం ఉంటే ముందు ఏదీ ముట్టుకోకండి. నిఘా లేని వేరే ఫోన్ నుంచి మహిళా హెల్ప్‌లైన్ 181కి మాట్లాడండి.

4. ఆపదకు ఒక కవరు. ఫోన్ లాక్, ముఖ్యమైన ఈమెయిల్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరు అంటించి, అతుకు మీద సంతకం చేసి బీరువాలో పెట్టండి. బ్యాంకు పిన్నులు అందులో రాయొద్దు. ఎవరైనా తెరిస్తే సంతకం చిరిగి తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ మార్చినప్పుడు కాగితమూ మార్చాలి. మేం ఇప్పటికి రెండుసార్లు మర్చిపోయాం.