పాత బీరువా టేకుదేనా?

విశాఖలో పాత సామాన్ల దుకాణానికి వెళితే పాలిష్ వేసిన ప్రతి చెక్కా టేకే అంటారు. పైభాగం చూడకండి. బీరువాలోని విడి అర బయటికి తీసి, పాలిష్ లేని అడుగున ఉప్పుకాగితంతో రూపాయి బిళ్ళంత మేర రుద్ది వెంటనే వాసన చూడండి. టేకుకు నూనె పట్టించిన తోలు వాసన, రోజ్‌వుడ్‌కు తీయని పూల వాసన వస్తాయి. మహాగనికి వాసన దాదాపు ఉండదు.

తర్వాత చెక్కను అడ్డంగా కోసిన చివర చూడండి. టేకులో పెద్ద రంధ్రాలు వలయాల వెంట వరుసకడతాయి, మహాగనిలో అంతటా సమంగా చెదిరి ఉంటాయి. రోజ్‌వుడ్‌ను బరువే పట్టిస్తుంది: రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక టేకుదైతే సుమారు 3 కిలోలు, రోజ్‌వుడ్‌దైతే 4.

అయితే లోపలి అరలకు చాలాసార్లు చవక కలపే వాడతారు. అందుకే తలుపు చట్రం అడుగు అంచున కూడా రుద్ది చూడాలి.