ఇంటికి డబ్బు పంపడం – 3వ పాఠం: రసీదు చదవడం

పోయిన పాఠంలో ఇంట్లోవాళ్ల పాస్‌బుక్ మొదటి పేజీని ఫోటో తీయించి తెప్పించుకోమన్నాం. ఈసారి ఆ ఫోటోతోనే పని. ముందు ఈ చిన్న కథ చదవండి.

రాజోలు దగ్గర కుర్రాడు సత్తిబాబు తాపీపనికి దుబాయ్ వెళ్లాడు. మొదటి జీతం అందిన సాయంత్రమే ఎక్స్ఛేంజ్ కౌంటర్లో 1,021 దిర్హామ్‌లు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగో రోజు అమ్మ ఫోను.

"డబ్బులు పళ్లేదురా నాన్నా. పొద్దున్నే బ్యాంకుకెళ్లాను, ఏమీ రాలేదంటున్నారు."

"ఉండమ్మా, చూస్తాను" అని రసీదు విప్పాడు. పక్క మంచం మీద పడుకున్న పెద్దాయన లేచి వచ్చి కూర్చున్నాడు. "పాస్‌బుక్ ఫోటో తియ్యి. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

పంపిన సొమ్ము 1,000. ఛార్జీ 20, దాని మీద 5 శాతం పన్ను 1. రేటు 22.50 కాబట్టి ఇంటికి చేరాల్సింది 22,500 రూపాయలు. లెక్క సరిపోయింది. అమ్మ పేరూ సరిగ్గానే ఉంది. ఖాతా నంబరు దగ్గర పెద్దాయన వేలు ఆగింది. పాస్‌బుక్‌లో చివరి అంకెలు 4637, రసీదులో 4673.

ఇక్కడ కొంచెం ఆగుదాం. పేరు సరిగ్గా ఉంది కదా, బ్యాంకువాళ్లు చూసుకోరా అని చాలామంది అనుకుంటారు. మన దేశంలో ఇలాంటి జమ చాలావరకు నంబరు పట్టే జరుగుతుంది. ఆ నంబరుతో ఖాతా లేకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. ఉంటే మాత్రం వేరేవాళ్ల ఖాతాలో పడుతుంది, తిరిగి రాబట్టడం కష్టం. సత్తిబాబుకు ఆ గండం తప్పింది. అలాంటి ఖాతా లేదు. మర్నాడు రసీదు పట్టుకెళితే, కౌంటర్లో దాని మీది రిఫరెన్స్ నంబరు కొట్టి చూసి, నంబరు దిద్ది మళ్లీ పంపారు.

రసీదు లేకపోయినా ఐడీ కార్డు పట్టి వెతికే వీలుంటుంది. కానీ నంబరు రాసిచ్చిన మీరు తప్పారా, కొట్టిన కౌంటరాయన తప్పాడా అన్న మాట వస్తే, చూపించడానికి మీ చేతిలో ఉండేది ఈ కాగితమే. అందుకే కౌంటర్ ముందు నుంచి కదలకముందే ఖాతా నంబరును పాస్‌బుక్ ఫోటోతో ఒక్కో అంకె సరిచూడండి. అసలు దిద్దడం తేలికయ్యేది అప్పుడే.

ఇంకొకటి. ఈ రసీదులు చాలావరకు వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి. జేబులో చెమటకు, ఎండకు, ప్లాస్టిక్ కవరులో నెలల తరబడి ఉన్నా అక్షరాలు వెలిసిపోతాయి. అదే రోజు వెలుతురులో పరిచి, రిఫరెన్స్ నంబరు చదవగలిగేలా ఫోటో తీసి ఇంటికి పంపండి. కాగితాన్ని నోటుబుక్కులో పెట్టి, పక్కన తేదీ, సొమ్ము పెన్నుతో రాయండి.

అభ్యాసం: 800 దిర్హామ్‌లు పంపారు. ఛార్జీ 20, పన్ను 1, రేటు 22.40. మీరు కట్టేది ఎంత? ఇంటికి చేరేది ఎంత? జవాబులు 821 దిర్హామ్‌లు, 17,920 రూపాయలు రావాలి. రాకపోతే ఛార్జీని రేటుతో గుణించారేమో చూసుకోండి.