కాంట్రాక్టు చట్టం సొంతంగా నేర్చుకుందాం – 9వ పాఠం: కంసాలి దగ్గర హారం, తాకట్టులో హారం

పోయిన పాఠంతో పూచీకత్తు అయిపోయింది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో దాని వెనకే వచ్చేది బెయిల్‌మెంట్. సెక్షన్ 148 నుంచి 181 దాకా ఉన్న ఈ అధ్యాయమంతా ఒక్క నగను వెంటబెట్టుకుని చూద్దాం. 30 గ్రాముల 22 క్యారెట్ల హారం అనుకోండి. ముందు రిపేరుకు కంసాలి దగ్గరికి వెళ్తుంది, ఆ తర్వాత అప్పు కోసం తాకట్టుకు వెళ్తుంది.

వస్తువు నిజంగా చేతులు మారిందా?

ఒక పని కోసం వస్తువును ఇంకొకరి చేతికి ఇచ్చి, పని కాగానే తిరిగి ఇచ్చేయాలనో, చెప్పిన చోట అప్పగించాలనో ఒప్పుకుంటే అది బెయిల్‌మెంట్. ఇచ్చినవారు బెయిలర్, పుచ్చుకున్నవారు బెయిలీ. హారం కొక్కెం ఊడిపోయి దాని సొంతదారైన ఒకావిడ కంసాలికి ఇస్తే ఆవిడ బెయిలర్, కంసాలి బెయిలీ. హారం ఇప్పటికీ ఆవిడదే. కంసాలికి వెళ్ళింది స్వాధీనం మాత్రమే.

తిరిగి రావాల్సింది అదే వస్తువు కావాలి, లేదంటే అదే వస్తువు మారిన రూపమైనా కావాలి. ఆ హారాన్నే కరిగించి గాజులు చేయమంటే బెయిల్‌మెంటే. "ఈ పాత హారం మీరు ఉంచేసుకోండి, ఇంతే బరువున్న కొత్తది మీ షాపులోంచి ఇవ్వండి" అంటే మాత్రం కాదు, అది మార్పిడి. హారం అప్పుడే షాపువాళ్ళ సొత్తయిపోయింది. ఆ రాత్రి షాపులో దొంగలు పడితే "నా జాగ్రత్త నేను తీసుకున్నాను" అని షాపువాళ్ళు తప్పించుకోలేరు. పోయింది వాళ్ళ బంగారం, ఆవిడకు కొత్త నగ బాకీ అలాగే ఉంటుంది.

స్వాధీనం విషయంలో చదవాల్సిన తీర్పు కాళియపెరుమాళ్ పిళ్ళై వర్సెస్ విశాలాక్ష్మి. మద్రాసు హైకోర్టుది, 1938 నాటి రిపోర్టుల్లో ఉంది. ఒకావిడ పాత నగలు కరిగించి కొత్తవి చేయమని కంసాలికి ఇచ్చింది. రోజూ సాయంత్రం పని ఆపగానే సగం తయారైన నగలు తీసుకుని అక్కడే ఒక పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకునేది. ఒక రాత్రి అవి దొంగల పాలయ్యాయి. దావా ఓడిపోయింది. నగలు ఉన్నది కంసాలి చోటే అయినా, రోజూ సాయంత్రం వాటి స్వాధీనం ఆవిడకు తిరిగి వచ్చేస్తోంది కాబట్టి ఆ రాత్రికి ఆయన బెయిలీ కాడు. వస్తువు ఎవరి గదిలో ఉందని కాదు, ఎవరి అదుపులో ఉందని అడగాలి. ఆవిడ జాగ్రత్తే ఆవిడ దావాకు ఎసరు పెట్టింది.

వస్తువు కదలకుండానే స్వాధీనం మారడమూ ఉంది, దాన్ని సెక్షన్ 149 ఒప్పుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చి, 1966 నాటి రిపోర్టుల్లో ఉన్న బ్యాంక్ ఆఫ్ చిత్తూరు కేసులో సినిమా ప్రొజెక్టరు, దాని సామగ్రి తాకట్టు పెట్టారు. ఆట నడవాలి కాబట్టి బ్యాంకు వాటిని యజమాని దగ్గరే ఉండనిచ్చింది. ఇకపై ఆయన వాటిని బ్యాంకు తరఫున పట్టుకుని ఉన్నట్టే లెక్క, తాకట్టు చెల్లుతుందని కోర్టు అంది.

బెయిలర్ చెప్పాల్సింది

పాత నగల్లో లోపల లక్క నింపినవి ఉంటాయి. పైనుంచి చూస్తే తెలియదు. అతుకు వేయడానికి మంట తగిలించగానే లక్క కరిగి పొంగుతుంది, రేకు ఉబ్బి పగలనూ వచ్చు. తన హారంలో లక్క ఉందని ఆవిడకు తెలిసీ చెప్పకపోతే, కంసాలి చెయ్యి కాలినా ఆ నష్టం ఆవిడ మీదే పడుతుంది. తనకు తెలిసిన లోపాలను, వస్తువు పుచ్చుకున్నవారిని మామూలుకు మించిన ప్రమాదంలోకి నెట్టే వాటిని చెప్పాలని సెక్షన్ 150 అంటుంది. ఆవిడకు నిజంగానే తెలియకపోతే ఈ బాధ్యత రాదు.

అద్దెకు ఇచ్చేవారికి మాత్రం "నాకు తెలియదు" అన్న సాకు లేదు. షామియానా షాపు నుంచి తెచ్చిన జనరేటరు వైరు లోపల కాలిపోయి ఉండి ఎవరికైనా షాకు కొడితే, ఆ సంగతి షాపతనికి తెలిసినా తెలియకపోయినా బాధ్యత అతనిదే. అద్దె తీసుకుంటున్నాడు కాబట్టి చూసి ఇవ్వాలి.

బెయిలీ పడాల్సిన జాగ్రత్త

సెక్షన్ 151 పెట్టిన కొలత ఒకటే. అంత పరిమాణం, నాణ్యత, విలువ ఉన్న సొంత వస్తువును మామూలు వివేకం ఉన్న మనిషి ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి. కంసాలి కూలి తీసుకున్నా, తెలిసినవారని ఊరికే చేసినా కొలత మారదు. వస్తువును బట్టి జాగ్రత్త మారుతుంది. ఇత్తడి చెంబును అరుగు మీద వదిలేయొచ్చు, హారాన్ని వదలకూడదు. "నా సొంత బంగారమూ సొరుగులోనే పెట్టాను, అదీ పోయింది" అన్నా చెల్లదు. సొంత సొమ్ము మీద ఆయనకున్న నిర్లక్ష్యం కొలత కాదు.

వస్తువు పోతే, తగిన జాగ్రత్త తీసుకున్నానని చూపించాల్సింది బెయిలీయే. ఇనప్పెట్టె, తాళం, షట్టరు, కాపలా, వెంటనే పెట్టిన పోలీసు ఫిర్యాదు లాంటివి చూపగలిగితే సెక్షన్ 152 ఆయన్ను కాపాడుతుంది. రసీదు వెనక "పోయిన వస్తువులకు మా బాధ్యత లేదు" అని అచ్చేసినంత మాత్రాన పని జరగదు. ఒక హోటల్లో పార్కింగుకు అప్పగించిన కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. తన నిర్లక్ష్యం లేదని చూపించే దాకా ఆ హోటలు "కారు యజమాని బాధ్యతే" అన్న అచ్చు వాక్యం చాటున దాక్కోలేదని చెప్పింది.

మూడు చోట్ల మాత్రం జాగ్రత్త పడ్డా బెయిలీ బయటపడలేడు. మొదటిది, ఇచ్చిన పనికి కాక వేరేగా వాడటం. రిపేరుకొచ్చిన హారాన్ని కంసాలి భార్య పెళ్ళికి పెట్టుకెళ్ళి దారిలో పోగొడితే, ఆవిడ ఎంత జాగ్రత్తగా ఉన్నా నష్టం కంసాలిదే.

రెండోది కలపడం. ఆవిడ 22 క్యారెట్ల 30 గ్రాములను అడగకుండా 18 క్యారెట్ల 30 గ్రాములతో కలిపి కరిగిస్తే వచ్చే 60 గ్రాముల ముద్ద 20 క్యారెట్లది. అందులోంచి 30 గ్రాములు తూచి ఇస్తే బరువు సరిపోతుంది గానీ మేలిమి తగ్గుతుంది. 22 క్యారెట్లలో 27.5 గ్రాముల మేలిమి ఉంటే 20 క్యారెట్లలో ఉండేది 25 గ్రాములే. విడదీసి ఎవరిది వారికి ఇవ్వలేని కలగలుపు కాబట్టి ఆ నష్టం కట్టివ్వాలి.

మూడోది ఆలస్యం. పదో తారీఖుకు ఇస్తానని, తన తప్పు వల్ల ఇవ్వక, పదిహేనున వరదొచ్చి షాపు మునిగితే వరద సాకు పనికిరాదు. గడువు దాటిన క్షణం నుంచి నష్టం ఆయనదే.

ఈ తగాదాల్లో సగం రసీదు దగ్గరే తెగిపోతాయి. రాళ్ళతో బరువు, రాళ్ళు పోను నికర బరువు, రాళ్ళ లెక్క, క్యారెట్, చేయాల్సిన పని, కూలి, ఒప్పుకున్న తరుగు, ఇచ్చే తేదీ రాయించుకోండి. "హారం – 1" అని రాసిన చీటీతో కోర్టులో తరుగు గురించి మాట్లాడలేరు.

కూలి ఇవ్వకపోతే?

రిపేరుకు 1,500 రూపాయలు అయ్యాయి, ఆవిడ ఇవ్వలేదు. పని పూర్తి చేసిన కంసాలి ఆ డబ్బు వచ్చేదాకా హారం పట్టి ఉంచుకోవచ్చు. సెక్షన్ 170 ఇచ్చే ఈ హక్కునే లీన్ అంటారు. ఇది చాలా చిన్న హక్కు. తన పనితనం పెట్టింది ఈ హారం మీద కాబట్టి దీని కూలికే పట్టుకోవాలి, నిరుడు చేసిన గాజుల బాకీకి కాదు. "నెలాఖరుకు ఇవ్వండి" అని తానే అరువిచ్చి ఉంటే ఆలోపు పట్టుకోలేడు. ఎంతకాలం గడిచినా ఈ సెక్షన్ కింద హారం అమ్ముకోలేడు, కూలి కోసం దావా వేసుకోవాలి. ఇక్కడే తాకట్టు దారి వేరవుతుంది.

అదే హారం తాకట్టులో

ఇప్పుడు ఆవిడ హారం పెట్టి 2,00,000 అప్పు తీసుకుంది. అప్పు తీర్చడానికో మాట నిలబెట్టుకోవడానికో హామీగా వస్తువు అప్పగిస్తే, ఆ బెయిల్‌మెంటే తాకట్టు, అంటుంది సెక్షన్ 172. అంటే ప్రతి తాకట్టూ బెయిల్‌మెంటే, ప్రతి బెయిల్‌మెంటూ తాకట్టు కాదు. సెక్షన్ 151 జాగ్రత్త ఇక్కడా వర్తిస్తుంది, యాజమాన్యం ఇక్కడా ఆవిడదే. కానీ అప్పిచ్చిన కంపెనీకి కంసాలికి లేని హక్కులు వస్తాయి. అసలుకే కాదు, వడ్డీకి, హారం భద్రపరచడానికైన అవసర ఖర్చులకు కూడా పట్టి ఉంచుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద తేడా, బాకీ పడితే అమ్ముకోవచ్చు.

గడువు దాటింది, అసలూ వడ్డీ కలిసి 2,24,000 అయింది. సెక్షన్ 176 ప్రకారం కంపెనీ దావా వేసి హారాన్ని హామీగా ఉంచుకోవచ్చు, లేదా అమ్మబోతున్నామని తగిన గడువుతో నోటీసిచ్చి అమ్మొచ్చు. వేలంలో 2,60,000 వస్తే మిగిలిన 36,000 ఆవిడకు ఇవ్వాలి. 2,10,000 వస్తే ఆవిడ ఇంకా 14,000 కట్టాలి. హారం పోయింది కాబట్టి అప్పూ పోయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. హారం మాకు చెందిపోయిందని కంపెనీ అనుకోవడం రెండో వైపు పొరపాటు. తాకట్టు వస్తువును అప్పిచ్చినవారు తమకు తామే అమ్ముకోలేరని, మూడో మనిషికే అమ్మాలని 2022లో పీటీసీ ఇండియా ఫైనాన్షియల్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంతకుముందు, 1967 నాటి రిపోర్టుల్లో ఉన్న లల్లన్ ప్రసాద్ కేసులో ఇంకో మాట ఉంది. తాకట్టు వస్తువు తిరిగి ఇవ్వలేని స్థితిలో ఉన్నవారు అప్పు కోసం డిక్రీ అడగలేరు.

విడిపించుకునే హక్కు గడువుతో పోదు, నిజంగా అమ్మకం జరిగే క్షణం దాకా ఉంటుంది. వేలం రోజు ఉదయం ఆవిడ బాకీతో పాటు ఆలస్యం వల్ల అయిన ఖర్చులూ కడతానని వస్తే, సెక్షన్ 177 ప్రకారం హారం ఇచ్చేయాలి.

అభ్యాసం

1. ఒకాయన జనవరిలో గొలుసు పెట్టి 50,000 తెచ్చాడు. మార్చిలో అదే కంపెనీ ఏ హామీ అడగకుండా ఇంకో 20,000 ఇచ్చింది. మొదటి అప్పు వడ్డీతో సహా కట్టి గొలుసు అడిగితే, 20,000 కూడా కట్టమంటున్నారు. రాతపూర్వక ఒప్పందంలో దీనిపై ఏమీ లేదు. సెక్షన్ 174 రెండో భాగం చదివి జవాబు రాయండి. మార్చి అప్పు జనవరి అప్పు కంటే ముందుదైతే మీ జవాబు మారుతుందా?

2. కంసాలి హారం బాగుచేసి కబురు పంపాడు. ఆవిడ రెండు నెలలు రాలేదు. తగిన తాళాలున్నా షాపులో దొంగతనం జరిగింది. సెక్షన్ 161 కింద బాధ్యత వస్తుందా?

జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాం. ఆ పాఠంలో దారిలో దొరికిన వస్తువు సంగతి, సెక్షన్లు 71, 168, 169.