నూటికి రెండు చక్రవడ్డీ: అప్పు ఎన్ని నెలలకు రెట్టింపు దాటుతుందో లెక్కకట్టడం ఎలా?

మా పిన్ని ఒకసారి ఫోన్ చేసి అడిగింది. "ఒరేయ్, యాభై వేలు నూటికి రెండు చొప్పున ఇచ్చి, వడ్డీ తీసుకోకుండా నెలనెలా అసలులోనే కలిపేస్తూ పోతే లక్ష ఎప్పటికి దాటుతుంది?" చేతిలో లాగ్ పట్టిక ఉంది, టక్కున చూసి "35 నెలలు" అన్నాను. తప్పు. ఎంత తేడాలో తప్పానో తెలిసేసరికి నవ్వొచ్చింది. ఇలాంటి లెక్క ఎలా వేయాలో, నేను ఎక్కడ జారిపడ్డానో ఈ ఉదాహరణతోనే చూద్దాం.

ముందు వరుస రాసుకోండి

నూటికి రెండు అంటే నెలకు 2 శాతం. 50,000కి మొదటి నెల వడ్డీ 1,000. అది అసలులో కలిస్తే 51,000. రెండో నెల వడ్డీ 51,000 మీద పడుతుంది కాబట్టి 1,020, మొత్తం 52,020. ఆ తర్వాత 53,060.40. ప్రతి సంఖ్యనూ 1.02తో గుణిస్తే తర్వాతి సంఖ్య వస్తోంది. ఇలా ఒకే సంఖ్యతో గుణిస్తూ పోయే వరుసే గుణశ్రేఢి. ఆ 1.02 సామాన్య నిష్పత్తి.

బారువడ్డీ అయితే నెలకు 1,000 కలుపుతూ పోవడమే, అది అంకశ్రేఢి. దానికి 50 నెలలకు సరిగ్గా లక్ష వస్తుంది. లక్షను 'చేరడానికి' 50 నెలలు చాలు, 'దాటడానికి' 51 కావాలి. ఈ రెండు మాటల తేడా గుర్తుంచుకోండి, చక్రవడ్డీలోనూ పనికొస్తుంది.

నెలల సంఖ్యను ఘాతంలో పెట్టండి

n నెలల తర్వాత మొత్తం ఇది:

```
50000 × 1.02^n
```

తెలియని n పైన ఘాతంలో కూర్చుంది. అందుకే ఇది ఘాతాంక ప్రమేయానికి దగ్గరి చుట్టం. గ్రాఫు గీస్తే y = 50000 × 1.02^x ఆగకుండా పైకి వంగుతూ పోయే గీత. మన శ్రేఢి ఆ గీత మీద 0, 1, 2, 3 నెలల దగ్గర పెట్టిన చుక్కలు మాత్రమే. చుక్కకీ చుక్కకీ మధ్య గీత ఉంటుంది కానీ మన లెక్కలో డబ్బు పెరగదు, ఎందుకంటే వడ్డీ నెలాఖరునే కలుస్తుంది.

లక్ష్యాన్ని అసలుతో భాగించండి

50000 × 1.02^n > 100000 అని రాసి, రెండు వైపులా 50,000తో భాగిస్తే 1.02^n > 2 మిగులుతుంది. అసలు మాయమైపోయింది చూశారా? అయిదు వేలు పది వేలను దాటడానికైనా, అయిదు లక్షలు పది లక్షలను దాటడానికైనా ఇదే లెక్క. కావలసింది 'ఎన్ని రెట్లు' అన్నది ఒక్కటే.

లాగ్ తీయండి

ఘాతంలో ఉన్న n ను కిందికి దించేది సంవర్గమానం, అంటే లాగ్. n × log 1.02 > log 2 అవుతుంది. నాలుగంకెల పట్టికలో log 2 = 0.3010, log 1.02 = 0.0086. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సరిగ్గా 35. నేను పడిన గుంట ఇదే. పట్టికలో నాలుగో అంకె తర్వాత కోసేసినందువల్ల అంత అందంగా వచ్చింది. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఇలా కొట్టి చూడండి:

```
=LN(2)/LN(1.02)
```

జవాబు 35.0028 వస్తుంది. అంటే 35 నెలలు చాలవు, 36 కావాలి. ఇక్కడ దగ్గర్లో ఉన్న పూర్ణాంకానికి సవరించడం పనికిరాదు. చుక్కలు పూర్ణాంకాల దగ్గరే ఉన్నాయి కాబట్టి, గీత ఎక్కడ దాటితే దాని తర్వాతి చుక్క దాకా వెళ్లాల్సిందే. ఒకవేళ భాగహారం నిజంగానే పూర్ణాంకం ఇస్తే, చేరడానికి అదే చాలు, దాటడానికి ఇంకొకటి కలపాలి. 1 నుంచి మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోతే పదిసార్లకు సరిగ్గా 1024 వస్తుంది. 1024ను దాటాలంటే 11 సార్లు కావాలి.

అటూ ఇటూ గుణించి సరిచూడండి

ఈ మెట్టు దాటవేయొద్దు. లాగ్ లేకున్నా వర్గాలు చేసుకుంటూ పోతే చేత్తోనే అయిపోతుంది. 1.02 వర్గం 1.0404. దాని వర్గం 1.0824, నాలుగు నెలలకు. అలాగే ఎనిమిదికి 1.1717, పదహారుకి 1.3728, ముప్ఫై రెండుకి 1.8845. దీన్ని ఇంకో మూడుసార్లు 1.02తో గుణిస్తే 35 నెలలకు 1.99989. (మధ్యలో అంకెలు కోసేయకండి, నేను ఇక్కడ చోటు కోసం కుదించి రాశాను.)

అంటే 35 నెలలకు పిన్ని డబ్బు 99,994.48 రూపాయలు. లక్షకు అయిదున్నర రూపాయలు తక్కువ! గీత మాత్రం ఆ తర్వాత దాదాపు రెండు గంటల్లోనే లక్షను తాకుతుంది. కానీ వడ్డీ నెలాఖరుకే కలుస్తుంది కాబట్టి, ఆ అయిదున్నర కోసం నెలంతా ఆగాలి. 36వ నెలాఖరున ఒకేసారి 1,01,994.37 అవుతుంది.

ఎన్నో పదం అని అడిగితే

పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. శ్రేఢిలో మొదటి పదం 50,000, అది ఒక్క నెల కూడా గడవకముందుది. ఒక నెల తర్వాతిది రెండో పదం. కాబట్టి 36 నెలల తర్వాతిది 37వ పదం. పుస్తకంలో n వ పదం a × r^(n−1) అని ఉండేది అందుకే. ప్రశ్నలో 'ఎన్ని నెలలు' అని ఉందా, 'ఎన్నో పదం' అని ఉందా చూసుకుని మొదలుపెట్టండి.

పిన్ని ఊరుకోలేదు, "మరి రెండు లక్షలకో?" అంది. 36ను రెండింతలు చేసి 72 అనబోయి ఆగాను. 35.0028ను రెండింతలు చేస్తే 70.0056, అంటే 71 నెలలు చాలు. పైకి సవరించడం చివర్లో ఒక్కసారే చేయాలి, మధ్యలో చేస్తే ఇలా ఒక నెల ఎక్కువొస్తుంది.

తగ్గే వరుస అయితే

నిష్పత్తి ఒకటి కంటే తక్కువైతే గుర్తు తిరగబడుతుంది. సబ్బు పెట్టిన దుప్పటి పిండాక కూడా అందులో లీటరు సబ్బునీళ్లు ఉన్నాయనుకుందాం. మూడు లీటర్ల మంచినీళ్లలో బాగా జాడించి మళ్లీ అంతే పిండితే, నాలుగు లీటర్లలో ఒక్క లీటరే మిగిలింది కాబట్టి సబ్బు నాలుగో వంతుకు దిగుతుంది. నీళ్లు మార్చి ఇలాగే చేస్తూ పోతే, సబ్బు మొదట ఉన్నదానిలో ఒక శాతం కంటే తగ్గాలంటే ఎన్నిసార్లు జాడించాలి?

0.25^n < 0.01 అని రాసి లాగ్ తీస్తే n × (−0.602) < −2. ఇక్కడ రుణ సంఖ్యతో భాగిస్తున్నాం కాబట్టి < కాస్తా > అవుతుంది: n > 3.32. గుర్తు తిప్పడం మరిస్తే 'మూడుసార్లు లేదా అంతకంటే తక్కువ' అన్న వింత జవాబు వస్తుంది, తప్పు జరిగిందని దానితోనే తెలిసిపోతుంది. నాలుగుసార్లు జాడించాలి. మూడుసార్లకు ఆపితే ఇంకా ఒకటిన్నర శాతం పైనే ఉంటుంది, నాలుగోసారికి 0.4 శాతానికి దిగుతుంది.