తేదీ లేని వార్తకు ఏడాది పట్టుకోవడం

చెన్నైలో పాత వార్తల మీద సెర్చ్ తయారుచేస్తుంటే తెలిసొచ్చింది. "2015 చెన్నై వరదలు" అని వెతికితే, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను వార్తలు పైకొచ్చేవి. వాటిలో "2015 లాగే మళ్లీ" అని ఉంటుంది మరి! ఆ వార్తల్లో తేదీ గడి ఖాళీ. ఫైలు తేదీని నమ్మొద్దు, చాలాసార్లు అది మనం డౌన్‌లోడ్ చేసిన రోజే.

లోపలి ఆధారాలు చూడండి. మిచౌంగ్ వానల ప్రస్తావన ఉంటే అది 2023 డిసెంబరుకు ముందు రాసింది కాదు. పైగా "నిన్న కురిసిన వాన" అంటే సంఘటన కూడా అప్పటిదే. "నిన్న" లాంటి మాట లేకపోతే అది 2015ను గుర్తుచేసుకునే వ్యాసమైనా కావచ్చు. అందుకే రాసిన ఏడాదిని, సంఘటన ఏడాదిని వేర్వేరు గడుల్లో పెట్టండి. ఏడాదితో వెతికినప్పుడు, ఏ ఆధారమూ దొరకని వార్తను ఫిల్టర్‌తో తీసెయ్యకండి, దాని స్కోరు కాస్త తగ్గించండి.