గ్రూప్ మ్యాప్ తప్పు పోటీదారుని చూపిస్తే: సమస్య - పరిష్కారం

తక్కువ ధర బట్టల వ్యాపారంలో ఎవరికి ఎవరు నిజమైన పోటీయో తేల్చుకోవడానికి వేసే స్ట్రాటజిక్ గ్రూప్ మ్యాప్‌లో ఉండేవి రెండు అక్షాలు, కొన్ని వలయాలు మాత్రమే. ఒకే తరహాలో వ్యాపారం చేసే దుకాణాలు ఒక గుంపుగా కనిపించాలి. నల్లగొండ ప్రకాశం బజారులో చిన్న రెడీమేడ్ దుకాణం నడిపే యజమాని ఒకరు ఈ మ్యాప్ వేశారనుకుని, అందులో వచ్చే చిక్కులను చూద్దాం.

సమస్య: దుకాణాలన్నీ ఒకే ఏటవాలు గీత మీద పడ్డాయి

యజమాని అడ్డంగా ధరను, నిలువుగా నాణ్యతను తీసుకున్నారు. ఫుట్‌పాత్ వ్యాపారి అట్టడుగున, పెద్ద బ్రాండ్ల షోరూమ్ పైకొసన, మిగిలినవారంతా ఆ రెండింటి మధ్య గీత గీసినట్టు వరుసగా పడ్డారు. తన వలయానికి అతి దగ్గరగా జుడియో తరహా గొలుసు దుకాణం కనిపించడంతో, 399 రూపాయల టీషర్టును 349కి దించారు. గొలుసు దుకాణానికి పోయిన కుర్రకారు తిరిగి రాలేదు. ఎలాగూ కొనే పాత గిరాకీ మాత్రం ఒక్కో టీషర్టుకు 50 రూపాయలు తక్కువ చెల్లించి వెళ్లింది.

కారణం

ఈ వ్యాపారంలో ధర, నాణ్యత చాలావరకు కలిసే పెరుగుతాయి గనుక, రెండు అక్షాలూ కొలిచింది ఒకే విషయాన్ని. దీన్ని పసిగట్టడం తేలికే. ఒక అక్షాన్ని చేత్తో మూసి, రెండోదాన్ని బట్టి ప్రతి దుకాణం ఎక్కడుంటుందో చెప్పగలిగితే, ఆ రెండింటిలో ఒకటి అనవసరమన్నమాట.

పరిష్కారం

ఒక్క సీజన్‌లో మార్చుకోగలిగిన దాన్ని అక్షంగా తీసుకోకూడదు. ధరను రాత్రికి రాత్రే మార్చవచ్చు, సరుకు తెచ్చే పద్ధతిని మార్చలేరు. ఒక గుంపు నుంచి మరో గుంపులోకి వెళ్లనివ్వని ఇలాంటి అడ్డంకులనే 1977లో ఆర్థికవేత్తలు కేవ్స్, పోర్టర్ తమ వ్యాసంలో మొబిలిటీ బ్యారియర్లు అన్నారు. మన యజమానికి అలాంటివి రెండు కనిపిస్తాయి.

మొదటిది సరుకు వచ్చే దారి. ఒక కొసన, దసరాకూ పెళ్లిళ్ల సీజన్‌కూ ముందు హైదరాబాద్ మదీనా హోల్‌సేల్‌కు వెళ్లి, అక్కడ దొరికిన డిజైన్లలోంచి ఏరుకుని వచ్చే దుకాణాలుంటాయి. రెండో కొసన, జుడియోలాగా సొంత బ్రాండు తప్ప మరొకటి అమ్మని గొలుసులుంటాయి. సొంత డిజైన్ కుట్టించాలంటే తయారీదారు ఒక్కో రంగుకు ఇన్ని పీసులని కనీస ఆర్డర్ అడుగుతాడు. ఒక్క దుకాణం ఉన్నవారు అంత సరుకు అమ్ముకోలేరు.

రెండోది కొనే సందర్భం. ఒక కొసన ఎవరికి వారు తమకోసం కొనుక్కునే రోజువారీ బట్టలు. ఇంకో కొసన పెళ్లికో ఒడిబియ్యానికో చుట్టాలకు పెట్టే బట్టలు. కనగల్ నుంచో మునుగోడు నుంచో వచ్చిన కుటుంబం చీరలూ పంచెలూ షర్టులూ కలిపి ఒకే చోట తీసుకుని, బేరమాడి, సగం డబ్బు కట్టి మిగతాది ఉద్దెర పెడుతుంది. ఉద్దెర రాసుకునే పుస్తకం గొలుసు దుకాణపు బిల్లింగ్ కౌంటర్‌లో ఉండదు.

ఈ అక్షాలతో మళ్లీ వేస్తే గొలుసు దుకాణం ఎదుటి మూలకు పోతుంది. యజమాని పక్కకు వచ్చేది, ఇన్నాళ్లూ చీరల దుకాణమే కదా అని లెక్కలోకి తీసుకోని ఫ్యామిలీ షోరూమ్. దాని పై అంతస్తులో రెడీమేడ్ విభాగం ఉంది, కుటుంబం చీరలకని వెళ్లి షర్టులూ అక్కడే కట్టించుకుంటోంది. అందువల్ల టీషర్టు ధర తగ్గించడం కన్నా, పెట్టుడు బట్టలను ఒకే మూటగా, ఒకే లెక్కలో ఇవ్వడం ఆయనకు అక్కరకొస్తుంది.

మ్యాప్‌ను నమ్మేముందు గిరాకీని అడిగి సరిచూసుకోవాలి. "ఈడికి రాకముందు ఏ దుకాణంల చూసిండ్రు?" అని కొన్నవారినీ, ఉత్త చేతులతో వెళ్లేవారినీ అడిగి, వాళ్లు చూసిన సరుకు పక్కనే జవాబు రాసిపెట్టాలి. పండుగ వారంలో కొన్ని, మామూలు రోజుల్లో కొన్ని కలిపి 50 జవాబులు చాలు. ఎక్కువమంది అదే గుంపులోని పేర్లు చెబితే మ్యాప్ సరైనదే. పెట్టుడు బట్టలవారు షోరూమ్ పేరు, టీషర్టులవారు గొలుసు దుకాణం పేరు చెబితే, తన దుకాణాన్ని రెండు వలయాలుగా విడగొట్టాలి.

సమస్య: ఒకే వలయం మ్యాప్‌ను మింగేసింది

వలయం ఎంత పెద్దదైతే అమ్మకం అంత ఎక్కువని అర్థం. లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదికలోని దేశవ్యాప్త అమ్మకాలను నల్లగొండ మ్యాప్‌లో పెడితే ఇలాగే అవుతుంది. ఆ ఊరి శాఖ అమ్మకాన్నే, బిల్లింగ్ కౌంటర్ల రద్దీని బట్టి ఉజ్జాయింపుగా తీసుకోవాలి. అమ్మకం నాలుగింతలైతే వ్యాసార్థం రెండింతలే పెంచాలి. నాలుగింతలు పెంచితే వైశాల్యం పదహారింతలై కంటిని మోసం చేస్తుంది.

సమస్య: ఒక కంపెనీ ఏ గుంపులోనూ ఇమడడం లేదు

కంపెనీ పేరును కాక, దుకాణం తీరును గుర్తించాలి. రిలయన్స్‌కు ట్రెండ్స్ ఉంది, 2023లో హైదరాబాద్‌లో మొదలైన యూస్టా కూడా ఉంది. యూస్టా యువత కోసం 999 రూపాయల లోపు ధరలతో వచ్చింది, ట్రెండ్స్‌కు కుటుంబమంతా వెళ్తుంది. ఈ రెండింటినీ ఒకే చుక్కగా పెడితే అది ఎవరూ లేని మధ్యలో పడుతుంది. విడివిడిగా పెట్టాలి. రేపు ఆ ఫ్యామిలీ షోరూమ్ కింది అంతస్తులో సొంత లేబుల్‌తో, ఒకటే రేటు బోర్డు పెట్టి కుర్రకారు బట్టలు అమ్మడం మొదలుపెడితే, దానికీ రెండో వలయం గీయాలి.